ఏడు వారాల సెలవు, నాలుగు సర్టిఫికెట్లు: నెలలు నిండని కాన్పులో నా లీవ్ అప్లికేషన్ కథ

మా పాప ఆగస్టు 13న పుట్టాలి. అందుకని మే నెలలోనే, ఎంతో ముందుచూపు ఉన్నవాడిలా, ఆగస్టు 10 నుంచి పెటర్నిటీ లీవ్ పెట్టేశాను. మేనేజర్ అదే రోజు అప్రూవ్ చేశారు. మెయిల్‌లో ఆటో రిప్లై కూడా ఆ తేదీకే సెట్ చేసుకున్నాను. పాప జూన్ 11న పుట్టింది.

జూన్ 9, మంగళవారం. మామూలు చెకప్ అనుకుని నా భార్య ఒక్కతే ఆస్పత్రికి వెళ్లింది. రెండు రోజులుగా తలనొప్పి అంటోంది, మొహం కాస్త ఉబ్బింది. నిద్ర లేకపోవడం వల్లేమో అనుకున్నాం. పదకొండున్నరకి ఫోన్ చేసింది. "బీపీ 170/110 ఉందట. మూత్రంలో ప్రొటీన్ పోతోందట. ఇంటికి పంపడం లేదు, నువ్వు రా" అంది. నేను లాప్‌టాప్ డెస్క్ మీదే వదిలేసి బయల్దేరాను. ఆ లాప్‌టాప్ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

దారిలోంచి మేనేజర్‌కి మెసేజ్ పెట్టాను. "మీరు ముందు అక్కడి సంగతి చూడండి, లీవ్ గీవ్ తర్వాత చూద్దాం" అన్నారు. మంచి మనిషి, మనసులోంచి అన్న మాటే. నేను నిశ్చింతగా ఉండిపోయాను. అది నా మొదటి తప్పు. మేనేజర్‌కి తెలియడం వేరు, సిస్టమ్‌కి తెలియడం వేరు.

డాక్టర్ చెప్పింది సివియర్ ప్రీఎక్లాంప్సియా, అంటే గర్భిణికి బీపీ ప్రమాదకరంగా పెరిగిపోయే జబ్బు. అప్పటికి 30 వారాల 5 రోజులు. పాప ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు 24 గంటల తేడాతో రెండు ఇచ్చారు. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఎక్కించారు. వీలైనన్ని రోజులు లాగుదాం అన్నారు. లాగింది రెండున్నర రోజులే. గురువారం సాయంత్రానికి ప్లేట్‌లెట్లు 78 వేలకు పడిపోయాయి, లివర్ పరీక్షలు కూడా తేడాగా వచ్చాయి. ఆ రాత్రి 9 గంటలకు ఆపరేషన్ చేశారు. పాప 1,320 గ్రాములు. నాకు చూపించింది నాలుగైదు సెకన్లు, అంతే. మూతి మీద గొట్టం, తల మీద టోపీ, ఆ రెండింటి మధ్య చింతగింజంత ముక్కు. అలాగే ఎన్‌ఐసీయూకి, అంటే పసిబిడ్డల ఐసీయూకి, పట్టుకెళ్లిపోయారు.

రాత్రి రెండు గంటలకు మళ్లీ పిలిచారు. గర్భసంచి ముడుచుకోవడం లేదు, రక్తం ఆగడం లేదు అన్నారు. సంతకాలు పెట్టాను. ఎన్ని పెట్టానో, వేటి మీద పెట్టానో ఈ రోజుకీ చెప్పలేను. నాలుగు యూనిట్ల రక్తం ఎక్కించారు. తెల్లారేసరికి రక్తస్రావం ఆగింది కానీ తనని ఐసీయూలో ఉంచారు. ఒకరు రెండో అంతస్తులో, ఒకరు నాలుగో అంతస్తులో. నేను మెట్ల మీద.

జూన్ 12 ఉదయం తొమ్మిదిన్నరకి ఆ మెట్ల మీదే ఫోన్‌లో మెయిల్ చూశాను. "మీరు మూడు రోజులుగా అనుమతి లేకుండా గైర్హాజరయ్యారు" అని. ఎవరో కావాలని పంపింది కాదు. మూడు రోజులు హాజరు పడకపోతే సిస్టమ్ దానంతట అదే పంపుతుంది. అది తెలిసినా కళ్లలో నీళ్లు తిరిగాయి. రాత్రంతా ఏడవని వాణ్ని ఆ మెయిల్‌కి ఏడ్చాను.

లీవ్ పెడదామంటే మా పోర్టల్ ఆఫీస్ నెట్‌వర్క్ మీదే తెరుచుకుంటుంది. ఫోన్‌లో రాదు, లాప్‌టాప్ డెస్క్ మీద ఉంది. మేనేజర్‌కి ఫోన్ చేస్తే, ఉద్యోగి తరఫున మేనేజరే లీవ్ పెట్టొచ్చనీ, ఆ బటన్ తన స్క్రీన్ మీదే ఉందనీ ఆయనకీ అప్పుడే తెలిసింది. ఆయన ఏం చేశారంటే, ఆగస్టు 10 నుంచి ఉన్న పెటర్నిటీ లీవ్ రద్దు చేసి, జూన్ 12 నుంచి 15 రోజులు పెట్టి, తనే అప్రూవ్ చేసి, "పనైపోయింది, ఇక దాని గురించి మర్చిపోండి" అన్నారు. నేను దండం పెట్టినంత పని చేశాను.

సోమవారం, జూన్ 15న, నా భార్యని ఐసీయూ నుంచి వార్డుకి మార్చారు. అదే మధ్యాహ్నం హెచ్ఆర్ నుంచి ఒక మేడమ్ ఫోన్ చేశారు. ముందు తల్లీబిడ్డల సంగతి అడిగారు. తర్వాత సూటిగా, "పెటర్నిటీ లీవ్ ఇప్పుడే ఎందుకు వాడేస్తున్నారు?" అన్నారు. పాప పుట్టింది కదండీ, ఇప్పుడు కాక ఇంకెప్పుడు అన్నాను. ఆవిడ అడిగింది: "పాప ఇంటికి ఎప్పుడొస్తుందన్నారు?" అయిదారు వారాలు పట్టొచ్చన్నారు అని చెప్పాను. "మీ లీవ్ జూన్ 26న అయిపోతుంది. పాప ఇంటికొచ్చే రోజుకి మీ చేతిలో ఏముంటుంది?"

నాకు తట్టనిది అదే. మా కంపెనీ రూల్ ప్రకారం పెటర్నిటీ లీవ్ 15 రోజులు, శని ఆదివారాలు కలిపి, ఒకే విడతలో. అయితే కాన్పు రోజు నుంచే వాడాలని లేదు, ఆరు నెలల్లోపు ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు. అది తండ్రి బిడ్డ దగ్గర ఉండటానికి ఇచ్చే సెలవు. ఎన్‌ఐసీయూలో ఉన్న బిడ్డ దగ్గర నన్ను రోజుకి రెండు గంటలే ఉండనిస్తున్నారు. మిగతా సమయం నేను ఉండాల్సింది నా భార్య పక్కన. అంటే ఇప్పుడు నాకు కావాల్సింది కొత్త తండ్రి సెలవు కాదు, జబ్బుమనిషికి తోడుండే సెలవు. అది వేరే పేరుతో ఉందని నాకసలు తెలియదు. కుటుంబ సభ్యులు ఆస్పత్రిలో ఉంటే ఏడాదికి 10 పనిదినాలు. దాని కింద జీతం పోదు, కానీ ఆస్పత్రి సర్టిఫికెట్ ఉండాలి. ఇంకా నా ఖాతాలో 11 ఎర్న్‌డ్ లీవ్‌లు ఉన్నాయి.

మేడమ్ ఫోన్‌లోనే వరస చెప్పారు. ముందు కుటుంబ వైద్య సెలవు, అది అయ్యాక ఎర్న్‌డ్ లీవ్, పాప డిశ్చార్జ్ అయిన రోజు నుంచి పెటర్నిటీ లీవ్. నేను మందుల చీటీ వెనక రాసుకున్నాను. ఆ చీటీ ఇంకా నా పర్సులో ఉంది. ఇంకా జీతాల లెక్క మొదలవలేదు కాబట్టి మేనేజర్ పెట్టిన పెటర్నిటీ లీవ్‌ని వెనక్కి తీసుకోగలిగారు. ఇంకో వారం ఆలస్యమైతే వాడినట్టే లెక్కయ్యేదట.

అయితే ఒక చిక్కు మిగిలిపోయింది. పోర్టల్‌లో గడిచిపోయిన రోజులకు లీవ్ పెట్టాలంటే మూడు రోజుల వెనక్కే వెళ్లనిస్తుంది. జూన్ 15న పెడుతుంటే 12 వరకే వెళ్లింది. 9, 10, 11 తేదీలు "గైర్హాజరు"గానే ఉండిపోయాయి. వాటిని మెయిల్ రాసి, చేత్తో సరిచేయించుకోవాలి.

ఇక సర్టిఫికెట్ల సంగతి. ఇది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే నా ఓపిక అంతా ఇక్కడే ఖర్చయింది.

మొదటి సర్టిఫికెట్ జూన్ 16న వార్డు క్లర్క్ టైపు చేసి ఇచ్చాడు. పేషెంట్ పేరు, అడ్మిట్ అయిన తేదీ, జబ్బు పేరు, "చికిత్స పొందుతున్నారు". కింద స్టాంపు. నాకు బ్రహ్మాండంగా అనిపించింది. హెచ్ఆర్ తిప్పి పంపింది. అందులో నా పేరు లేదు, తోడు మనిషి అవసరమనీ లేదు, ఎంతకాలమో లేదు. పేషెంట్ జబ్బుగా ఉన్నారని రుజువు చేసే కాగితం అది. నేను అక్కడ ఎందుకు ఉండాలో ఆ కాగితం చెప్పడం లేదు.

రెండోది జూన్ 17న. డ్యూటీ డాక్టర్ "అటెండెంట్ అవసరం" అని రాశారు. ఎన్ని రోజులని అడిగితే చిరాకు పడ్డారు. "బీపీ ఎప్పుడు అదుపులోకి వస్తుందో నేనెలా చెప్తాను? తేదీ రాస్తే రేపు నన్ను అడుగుతారు." ఆయన మాటా నిజమే. హెచ్ఆర్ మాటా నిజమే, తేదీ లేకపోతే సిస్టమ్‌లో ఆ గడి నిండదు. మధ్యలో నేను. పైగా ఆ కాగితంలో నా పేరు ఇంటిపేరు లేకుండా పడింది, ఆఫీసులో ఇంటిపేరుతో సహా ఉంది. పేరు కలవలేదని అదీ వెనక్కి వచ్చింది.

జూన్ 19న పెద్ద డాక్టర్ రౌండ్స్‌కి వచ్చినప్పుడు, నేను ముందే తెల్లకాగితం మీద వాక్యం రాసి పట్టుకుని నిలబడ్డాను. అవసరమైనవాళ్లు వాడుకోవచ్చు, అందుకే ఇక్కడ ఇస్తున్నాను: "ఫలానా పేషెంట్ జూన్ 9 నుంచి మా ఆస్పత్రిలో ఇన్‌పేషెంట్‌గా ఉన్నారు. ఆపరేషన్ తర్వాత వచ్చిన సమస్యల వల్ల ఆమెకు తోడుగా భర్త ఫలానా వారు ఉండటం అవసరం. ఈ అవసరం జూన్ 9 నుంచి సుమారు రెండు వారాలు ఉండవచ్చు, పరిస్థితిని బట్టి తిరిగి పరిశీలిస్తాం." ఆవిడ చదివి, "సుమారు" అన్న మాట కింద గీత గీసి, నవ్వి, లెటర్‌హెడ్ మీద టైపు చేయించమన్నారు. "సుమారు", "తిరిగి పరిశీలిస్తాం" అన్న ఆ రెండు మాటలతో డాక్టర్‌కి భయం పోయింది. "రెండు వారాలు" అన్న మాటతో హెచ్ఆర్‌కి గడి నిండింది. మూడు రోజులు తిరిగిన పని మూడు నిమిషాల్లో అయింది.

అయితే అది శుక్రవారం. మా మేనేజర్ ప్రయాణంలో ఉన్నారు. ఆయన అప్రూవ్ చేసింది సోమవారం, జూన్ 22న. జీతాల లెక్క 20తో ముగుస్తుంది. ఫలితం, ఆ "గైర్హాజరు" మూడు రోజులకు జూన్ జీతంలో కోత పడింది. అది జూలై జీతంలో తిరిగి వచ్చింది. కానీ ఆస్పత్రి బిల్లు కట్టాల్సిన నెలలో మూడు రోజుల జీతం తగ్గడమంటే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఈ గొడవంతా నడుస్తుంటే నాలుగో అంతస్తులో ఏం జరిగిందో కూడా చెప్పాలి. పాపకి నాలుగు రోజులు సీపాప్ పెట్టారు, ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి ఊపిరికి సాయం చేసే యంత్రం అది. తర్వాత గొట్టం ద్వారా పాలు, రెండు గంటలకొకసారి 2 మిల్లీలీటర్లు. జూన్ 14న, తల్లి ఇంకా ఐసీయూలో ఉండగా, సిస్టర్ నన్ను పిలిచి చొక్కా గుండీలు విప్పుకుని కూర్చోమంది. నాకు అర్థం కాలేదు. కంగారూ కేర్ తండ్రి కూడా ఇవ్వొచ్చట. పాపని నా ఛాతీ మీద పడుకోబెట్టి, పైన గుడ్డ చుట్టింది. బరువే లేదు. వేడి మాత్రం తెలిసింది. ఒక గంట కదలకుండా కూర్చున్నాను. ఆ గంటలో ఆఫీసు నుంచి ఆరు మిస్‌డ్ కాల్స్. నాకు ఏ బాధా కలగలేదు.

జూన్ 22న నా భార్యని డిశ్చార్జ్ చేశారు. సంతోషపడాల్సిన రోజు. డిశ్చార్జ్ సమ్మరీ చేతిలోకి రాగానే నాకు తట్టింది, నా సెలవుకి ఆధారం ఈ రోజుతో పోయిందని. పేషెంట్ ఇంటికి వెళ్లిపోయింది కాబట్టి తోడు అవసరం లేదు, కాగితం లెక్క ప్రకారం. అసలు లెక్క వేరు. కోత మానలేదు, బీపీ మాత్రలు నడుస్తున్నాయి, తను మూడు గంటలకొకసారి పాలు పిండాలి. వాటిని నేను చల్లటి డబ్బాలో పెట్టి ఎన్‌ఐసీయూకి చేర్చాలి, మధ్యాహ్నం తనని కంగారూ కేర్‌కి తీసుకెళ్లి తీసుకురావాలి. ఆస్పత్రిలో ఉన్నప్పటికంటే ఇప్పుడే పని ఎక్కువ. కుటుంబ వైద్య సెలవు 10 పనిదినాలూ సరిగ్గా ఆ రోజుకే అయిపోయాయి.

ఆఫీసులో ఒకరు ఫోన్ చేసి, "ఇంట్లో ఆడవాళ్లెవరూ లేరా?" అన్నారు. ఉన్నారు. మా అత్తగారు వంటా ఇల్లూ చూసుకుంటున్నారు. కానీ రాత్రి పూట పాపకి ఊపిరి ఆగి ఆగి వస్తోందని ఎన్‌ఐసీయూ నుంచి ఫోన్ వస్తే ఎత్తాల్సింది నేను. సంతకం పెట్టాల్సిందీ నేనే. ఇది ఆయనకి చెప్పలేదు. "చూస్తున్నామండీ" అని పెట్టేశాను.

జూన్ 23 నుంచి జూలై 7 వరకు 11 ఎర్న్‌డ్ లీవ్‌లు పెట్టాను. సొంత లీవే కదా, దీనికి కాగితం అక్కర్లేదనుకున్నాను. ఏడు రోజులు దాటితే కారణానికి ఆధారం అడుగుతుందట సిస్టమ్. నాలుగో సర్టిఫికెట్ పాప పేరు మీద కావాలి. పాపకి పేరు లేదు. ఆస్పత్రి రికార్డులో "బేబీ ఆఫ్" అని తల్లి పేరే ఉంది. ఆఫీసు రికార్డులో నాకు ఆధారపడినవాళ్ల జాబితాలో పాపే లేదు. చేర్చాలంటే జనన ధ్రువీకరణ పత్రం కావాలి. అది రావడానికి ఇంకా రోజులు పడుతుంది. మళ్లీ ఆ మేడమే దారి చెప్పారు. ఆస్పత్రి జననం నమోదు కోసం పంపే కాగితం కాపీ ఒకటి, ఎన్‌ఐసీయూ ఉత్తరం ఒకటి. ఆ రెంటిలోనూ తల్లి పేరు ఒకేలా ఉంటే చాలు, పాప పేరు అక్కర్లేదు. జాబితాలోనూ "బేబీ ఆఫ్" అనే చేర్చారు. ఆ వేడిలోనే ఇన్సూరెన్స్‌లోనూ చేర్పించాను, దానికి పుట్టిన 30 రోజుల్లోపు అని గడువు ఉంది. ఎవరూ గుర్తు చేయరు. ఫారం అడుగున చిన్న అక్షరాల్లో ఉంది.

ఈసారి అప్లికేషన్ రాసేటప్పుడు తెలివొచ్చింది. మొదట్లో నేను రాసింది పేజీన్నర. తలనొప్పి దగ్గర్నుంచి ప్లేట్‌లెట్ల దాకా, చివర్లో మానవతా దృక్పథం. ఇప్పుడు నాలుగు లైన్లు: ఎవరు ఆస్పత్రిలో ఉన్నారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ సెలవు, జతచేసిన కాగితాలు ఏవి, నా పని ఎవరు చూస్తున్నారు. ఆ చివరి లైను చూసే మేనేజర్ పది నిమిషాల్లో అప్రూవ్ చేశారని నా అనుమానం.

జూలై 8 వచ్చింది. పాప 1,700 దాటింది, కానీ నోటితో తాగుతూ తాగుతూ అలసిపోతోంది. ఊపిరి ఆగకుండా కొన్ని రోజులు వరసగా గడిస్తేనే పంపుతామన్నారు. నా దగ్గర పెటర్నిటీ లీవ్ తప్ప ఏమీ లేదు. ఇప్పుడే వాడేయనా అని ఒక రాత్రంతా కొట్టుకున్నాను. చివరికి మేనేజర్‌ని నేనే అడిగాను, సగం రోజు వస్తాను, సగం రోజు జీతం కోయండి అని. జూలై 8 నుంచి 15 వరకు ఆరు పనిదినాలు మధ్యాహ్నం దాకా ఆఫీసు, ఆ తర్వాత ఆస్పత్రి. ఖర్చు మూడు రోజుల జీతం. ఏడు వారాల్లో నిజంగా పోయింది అంతే. మొదటి రోజు ఆఫీసులో కుర్చీలో కూర్చుని స్క్రీన్ చూస్తుంటే, మానిటర్ కుయ్ మన్నట్టు అనిపించి రెండుసార్లు లేచి నిలబడ్డాను. ఎన్‌ఐసీయూ అలారం చెవుల్లోంచి పోలేదు.

జూలై 16న, 36 వారాలు నిండిన రోజున, 1,910 గ్రాములతో పాప ఇంటికి వచ్చింది. పెటర్నిటీ లీవ్ ఆ రోజు నుంచే మొదలైంది. మేడమ్ ఆ వరస చెప్పకపోతే ఆ పదిహేను రోజులూ ఎలా గడిచేవో ఊహించలేను. రెండు గంటలకొకసారి పాలు పట్టాలి, ప్రతిసారీ పట్టడానికి నలభై నిమిషాలు, తర్వాత అరగంట నిటారుగా ఎత్తుకోవాలి. రాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా నా డ్యూటీ. నా భార్య ప్రసవమయ్యాక మొదటిసారి వరసగా నాలుగు గంటలు నిద్రపోయింది ఆ లీవ్‌లోనే.

జూలై 31, శుక్రవారం జాయిన్ అయ్యాను. ఒక్క రోజు పని చేసి మళ్లీ రెండు రోజులు సెలవు. ఆ మేడమ్‌కి థాంక్స్ చెప్దామని వెళ్తే ఆవిడ సెలవులో ఉన్నారు.

ఆగస్టు 10న పొద్దున్న నుంచి ఆఫీసులో నాకు మెయిల్ పెట్టిన ప్రతివాళ్లూ నన్ను వింతగా చూస్తున్నారు. పదకొండింటికి పక్క సీటు కుర్రాడు వచ్చి తన ఫోన్ చూపించాడు. నేను మేలో సెట్ చేసి మర్చిపోయిన ఆటో రిప్లై: "నేను పెటర్నిటీ లీవ్‌లో ఉన్నాను. ఏ క్షణమైనా శుభవార్త వినవచ్చు."